అబ్బాయిల సగటు సున్నా వస్తోంది. అంటే వాళ్లకి బాడీ ఇమేజ్ సమస్య లేనట్టేనా?

సింధు (మొదటి పోస్ట్)

అందరికీ నమస్తే. నేను స్కూల్ కౌన్సెలింగ్ కోర్సు చేస్తున్నాను. టీనేజ్ అమ్మాయిలు, అబ్బాయిలు తమ శరీరం గురించి, కనిపించే తీరు గురించి పడే ఒత్తిడి మీద సాహిత్య సమీక్ష రాసి ఇవ్వాలి. మూడు వారాలుగా పేపర్లు చదువుతూ నోట్స్ రాసుకుంటున్నాను, ఇప్పుడొక చోట ఇరుక్కుపోయాను.

చాలా పేపర్లలో బొమ్మల వరుస ఒకటి వాడారు. తొమ్మిది బొమ్మలుంటాయి, మొదటిది బాగా సన్నం, తొమ్మిదోది బాగా లావు. పిల్లలు ముందు "నేను ఇప్పుడు ఇలా ఉన్నాను" అనుకునే బొమ్మ చూపిస్తారు, తర్వాత "ఇలా ఉంటే బాగుండు" అనుకునేది చూపిస్తారు. ఆ రెండింటి మధ్య తేడాయే అసంతృప్తి అని లెక్క. అమ్మాయిల్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది, సన్నగా ఉండాలన్న వైపే. అబ్బాయిల్లో మాత్రం సగటు సున్నాకి దగ్గరగా వస్తోంది. అందుకని "ఇది ప్రధానంగా అమ్మాయిల సమస్య, అబ్బాయిలు తమ శరీరంతో దాదాపు తృప్తిగానే ఉన్నారు" అని ఒక పేరా రాసేశాను. రాశాక మనసు ఒప్పుకోవట్లేదు. ప్రాక్టీస్ కోసం వెళ్తున్న స్కూల్లో నేను చూస్తున్న అబ్బాయిలు అలా లేరు. పేరా ఉంచాలా, తీసెయ్యాలా?

శారద

మంచి అంశం తీసుకున్నారమ్మా. మన కథల్లో, నవలల్లో కథానాయికని వర్ణించేటప్పుడు నడుము, రంగు, జుట్టు తప్ప ఇంకేమీ కనపడదు. అబ్బాయి వచ్చేసరికి ఎత్తు, భుజాలు, అంతే. పాత వారపత్రికల సీరియల్స్ నుంచి మొదలుపెట్టి వర్ణనలన్నీ ఒక చోట చేర్చితే మీకు బోలెడంత సామగ్రి దొరుకుతుంది. కావాలంటే నేను సాయం చేస్తాను.

సింధు

శారద గారూ, థాంక్స్ అండీ. కానీ ఇక్కడ సాహిత్యం అంటే కథలు కాదు, ఈ విషయం మీద ఇంతవరకు వచ్చిన పరిశోధన పత్రాలు. నేనే సరిగ్గా రాయాల్సింది.

శారద

ఓహో, అదా. నేను కథల సమీక్ష అనుకున్నాను. సరే, చదువుతూ ఉంటాను.

కిరణ్_పీఈటీ

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఇందులో అంత ఆలోచించాల్సింది ఏముందో అర్థం కాలేదు. అంతా ఫోన్ వల్లే. ఫోటోలు పెట్టుకోవడం, లైకులు చూసుకోవడం, ఫిల్టర్లు. ఫిజీ దీవుల్లో చేసిన పరిశోధన ఉంది కదా, టీవీ రాగానే అక్కడి అమ్మాయిలకి తిండి సమస్యలు మొదలయ్యాయని. అక్కడే రుజువైపోయింది. మీడియా తీసేస్తే సమస్య పోతుంది. ఇక అబ్బాయిలంటారా, వాళ్లకి ఇలాంటివి తక్కువే. గ్రౌండ్‌లోకి వదిలితే అన్నీ మర్చిపోతారు.

భాస్కర్ రావు

సింధు గారూ, ఆ పేరా తీసెయ్యండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మీరు చెప్పిన బొమ్మలు స్టంకార్డ్, ఆయన సహచరులు 1983లో ఇచ్చినవి. వాటితో 1985లో ఫాలన్, రోజిన్ అమెరికా కాలేజీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం చాలా పేరు పొందింది. అమ్మాయిలు ఇప్పుడున్న దానికన్నా సన్నని బొమ్మని ఆదర్శంగా ఎంచుకున్నారు. అబ్బాయిల విషయంలో ఇప్పుడున్నది, కావాలనుకున్నది సగటు మీద దాదాపు ఒకే చోట పడ్డాయి. అక్కడి నుంచే "మగపిల్లలు తృప్తిగా ఉన్నారు" అన్న మాట పుస్తకాల్లోకి ఎక్కింది. మీరు చదివిన పేపర్లలో కొన్ని ఆ మాటనే ఒకదాన్నుంచి ఇంకొకటి ఎత్తి రాసుకుంటూ వచ్చాయి.

మూడేళ్ల తర్వాత, 1988లో, సిల్బర్‌స్టైన్, స్ట్రీగెల్-మూర్, ఇంకా ఇద్దరు కలిసి ఇదే విషయాన్ని కాలేజీ వయసు వాళ్లలోనే మళ్లీ చూశారు. ఈసారి సగటు దగ్గర ఆగలేదు, ఎవరు ఏ వైపు మారాలనుకుంటున్నారో విడదీశారు. అబ్బాయిల్లో సన్నబడాలనుకునేవాళ్లు ఎంతమందో, ఇంకా పెద్దగా అవ్వాలనుకునేవాళ్లూ దాదాపు అంతమందే తేలారు. అమ్మాయిల్లో పెద్దగా అవ్వాలనుకున్నవాళ్లు లేరనే చెప్పాలి. రెండు వైపులకీ లాగుతున్న తాడు మధ్యలో నిలబడినట్టు కనిపిస్తుంది, అంతమాత్రాన ఎవరూ లాగట్లేదని కాదు కదా.

ఉష

నేను గణాంకాల మనిషిని, సైకాలజీ నాకు పెద్దగా తెలియదు. భాస్కర్ రావు గారు చెప్పింది అంకెల్లో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఈ అంకెలు నేను ఉదాహరణ కోసం వేసుకున్నవి, ఏ అధ్యయనంలోవీ కావు.

పదిమంది అబ్బాయిల్ని తీసుకోండి. కావాలనుకున్న బొమ్మ నంబరులోంచి ఇప్పుడున్న బొమ్మ నంబరు తీసేద్దాం. నలుగురు 3లో ఉన్నారు, 5 కావాలంటున్నారు, కాబట్టి ఒక్కొక్కరికీ +2. ఇంకో నలుగురు 6లో ఉన్నారు, 4 కావాలంటున్నారు, ఒక్కొక్కరికీ −2. మిగిలిన ఇద్దరికి ఉన్నదే చాలు, సున్నా. కూడితే +8, −8, సున్నా. సగటు సున్నా.

ఇప్పుడు పదిమంది అమ్మాయిలు. ఆరుగురు ఒక్క బొమ్మ సన్నబడాలంటున్నారు, −1 చొప్పున. ఇద్దరు రెండు బొమ్మలు సన్నబడాలంటున్నారు, −2 చొప్పున. ఇద్దరికి సున్నా. కూడితే −10, సగటు −1.

సగటు మాత్రమే చూస్తే అమ్మాయిలకి సమస్య ఉంది, అబ్బాయిలకి లేదు. గుర్తులు తీసేసి కేవలం ఎంత దూరం ఉందో చూడండి. అమ్మాయిల్లో అదే 1.0. అబ్బాయిల్లో 16ని 10తో భాగిస్తే 1.6. అబ్బాయిలకే ఎక్కువ! రెండు తరగతుల్లోనూ తృప్తిగా ఉన్నది ఇద్దరే. ఒకే డేటా, లెక్క కట్టే పద్ధతి మారితే ముగింపు తలకిందులైపోయింది.

అలాగని గుర్తులు తీసేసిన సగటు ఒక్కటే ఇస్తే కూడా తప్పే. సన్నబడాలనుకునే పిల్లాడు, పెరగాలనుకునే పిల్లాడు చేసే పనులు వేరు. ఎంతమంది పెరగాలనుకుంటున్నారు, ఎంతమంది తగ్గాలనుకుంటున్నారు, ఎంతమంది ఉన్నట్టే ఉండాలనుకుంటున్నారు అని మూడు సంఖ్యలు విడిగా ఇచ్చిన పేపర్నే నమ్మండి. పేపర్లో అవి లేకపోతే కనీసం విచలనం చూడండి, అంటే పిల్లల అంకెలు సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉన్నాయో. సగటు సున్నా ఉండి విచలనం పెద్దగా ఉందంటే అక్కడ పిల్లలు రెండు గుంపులుగా చీలి ఉండొచ్చని అనుమానించాలి.

సింధు

ఉష గారూ, ఇది చదివి నా నోట్స్ తీసి చూశాను. నా దగ్గరున్న పేపర్లలో సగానికి పైగా సగటు ఒక్కటే ఇచ్చాయి! ఇంతకాలం నేను దాన్ని గమనించనే లేదు.

లలిత

అమ్మా సింధూ, మా పాప ఎనిమిదో తరగతి. ఈమధ్య బాగా లావైంది. నేనూ, వాళ్ల నాన్నా అప్పుడప్పుడు నవ్వుతూనే అంటుంటాం, కాస్త తగ్గు తల్లీ అని. చెప్పకపోతే తనకి తెలియదు కదా, కాస్త పట్టుదల వస్తుందని. ఏ వయసుకి ఎంత బరువు ఉండాలో, ఏం తినకూడదో ఒక పట్టిక ఉంటే పెట్టగలరా?

భాస్కర్ రావు

లలిత గారూ, ఈ చర్చ ఒక అసైన్‌మెంట్ గురించి, అందుకని బరువు పట్టిక ఇక్కడ దొరకదు. పాప బరువు గురించి బెంగ ఉంటే పిల్లల డాక్టర్ని అడగండి, అదీ ముందు పాప లేకుండా. కానీ మీరు అన్న "పట్టుదల" గురించి పరిశోధన ఏం చెప్తుందో మాత్రం చెప్పాలి, ఎందుకంటే సింధు గారి సమీక్షకీ అది అవసరమే.

మిన్నెసోటాలో ప్రాజెక్ట్ ఈట్ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 1998-99లో 4,746 మంది టీనేజర్లతో మొదలైంది. అందులో 2003లో వచ్చిన పేపర్ ప్రకారం బరువు గురించి ఇంట్లోవాళ్లే ఆటపట్టించారని చెప్పిన అమ్మాయిలు 29 శాతం దాకా ఉన్నారు, అబ్బాయిలు 16 శాతం. బయటి పిల్లలు ఏడిపించింది అమ్మాయిల్లో 30 శాతం, అబ్బాయిల్లో 25 శాతం. అంటే అమ్మాయికి ఇంట్లో పడే మాటలు బయట పడే వాటికి ఏమాత్రం తీసిపోవు. ఆ మాటలు పడ్డ పిల్లల్లో దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు ఎక్కువగా కనిపించాయి, అదీ వాళ్ల అసలు బరువు ఎంతన్న దానితో నిమిత్తం లేకుండా.

ఆ పిల్లల్లోనే 2,516 మందిని అయిదేళ్ల తర్వాత మళ్లీ చూశారు, ఆ పేపర్ 2006లో వచ్చింది. తమ శరీరం నచ్చని పిల్లలు అయిదేళ్లలో ఎక్కువ కదిలి, బాగా తిని ఆరోగ్యంగా తయారయ్యారా అన్నది ప్రశ్న. జరిగింది దానికి ఎదురు. అమ్మాయిల్లోనూ అబ్బాయిల్లోనూ శారీరక శ్రమ తగ్గింది, ఆపుకోలేక అతిగా తినడం, భోజనం మానెయ్యడం లాంటివి పెరిగాయి. నచ్చని శరీరాన్ని ఎవరూ జాగ్రత్తగా చూసుకోరండీ.

లలిత

మేము నవ్వుతూనే అంటాం అండీ. కానీ నిన్న ఫోటో తీస్తుంటే పాప వెనక్కి వెళ్లి తమ్ముడిని ముందు నిలబెట్టింది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఇది చదువుతుంటే గుర్తొచ్చింది.

అనిల్

నేను కౌన్సెలర్ని కాదు, టీచర్ని కాదు. టైటిల్ చూసి వచ్చాను. కిరణ్ గారు "గ్రౌండ్‌లోకి వదిలితే మర్చిపోతారు" అన్నారు కదా, అది చదివి రాయకుండా ఉండలేకపోయాను.

స్కూల్లో నేను బాగా బక్కగా ఉండేవాణ్ణి. తొమ్మిదిలో ఉన్నప్పుడు యూనిఫాం చొక్కా కింద ఇంకో రెండు బనియన్లు వేసుకునేవాణ్ణి, భుజాలు కాస్త నిండుగా కనిపిస్తాయని. ఎండాకాలం కూడా. ఆటల పీరియడ్ అంటే నాకు చెమటలు పట్టేవి, ఎందుకంటే టీమ్ జెర్సీ వేసుకోవాలంటే అందరి ముందు చొక్కా విప్పాలి, అప్పుడు లోపల రెండున్నాయని తెలిసిపోతుంది. కడుపునొప్పి అని చెప్పి ఎన్ని ఆటల పీరియడ్లు ఎగ్గొట్టానో లెక్కలేదు. మా మాస్టారు నన్ను బద్ధకస్తుడు అనుకున్నారు. ఇంట్లో "వీడికి తిండి ఒంటబట్టదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాళ్లు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అబ్బాయి అలాంటి మాట చెప్పుకుంటే ఎలా ఉంటుంది? చెప్పడానికి నాకు మాటలు కూడా లేవు.

తర్వాత కాలేజీలో జిమ్‌లో చేరాను, డబ్బా మీద ఏం రాసుందో చదవకుండా పౌడర్లు తాగాను, భుజం పట్టేసినా ఆపలేదు. కండలు వచ్చాయి. అయినా ఇప్పటికీ అద్దంలో ముందు మణికట్టే చూస్తాను, సన్నగా ఉందా అని.

కిరణ్_పీఈటీ

అనిల్ గారూ, కడుపునొప్పి అని కూర్చునే పిల్లలు నా క్లాసులో ఇప్పుడు కూడా ఇద్దరున్నారు. నిజం చెప్తున్నా, నేను కూడా బద్ధకమే అనుకున్నాను. జెర్సీలు మార్చుకోవడానికి పక్కన గది ఉంది, తాళం వేసి ఉంటుంది. రేపు తీయిస్తాను.

కానీ ఫిజీ సంగతి మాత్రం నేను వదలను. అది టీవీ వల్లే కదా?

భాస్కర్ రావు

అనిల్ గారూ, మీరు రాసింది ఏ పేపర్ కన్నా తక్కువ కాదు.

కిరణ్ గారూ, ఫిజీ విషయంలో మీరు సగం కరెక్టే. ఆన్ బెకర్ బృందం 2002లో ప్రచురించారు. అక్కడి ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది, అది వచ్చిన కొద్ది వారాలకి 63 మంది బడి అమ్మాయిల్ని, మళ్లీ 1998లో 65 మందిని ప్రశ్నావళితో పరీక్షించారు. తిండి విషయంలో ఇబ్బంది ఉందని సూచించే స్కోరు దాటినవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి వాంతి చేసుకోవడం మొదటిసారి ఒక్కరిలోనూ లేదు, రెండోసారి 11.3 శాతం. భయపడాల్సిన మార్పే.

కానీ ఒకటి చూడండి. 1995 పిల్లలు, 1998 పిల్లలు వేరు వేరు, అదే పిల్లల్ని వెంబడించలేదు. టీవీ రాని పక్క ప్రాంతంతో పోల్చలేదు. ఆ మూడేళ్లలో మారింది టీవీ ఒక్కటేనా అంటే చెప్పలేం. దానికి బలం ఇచ్చింది అమ్మాయిలతో చేసిన ఇంటర్వ్యూలు, టీవీలో చూసిన ఆడవాళ్లలా అవ్వాలని ఉందని వాళ్లే చెప్పారు. కాబట్టి సమీక్షలో "టీవీ వచ్చాక పెరిగింది" అని రాయొచ్చు, "టీవీ వల్ల పెరిగిందని రుజువైంది" అని రాయకూడదు. ఇంకో సంగతి, అక్కడ ఒక్క అబ్బాయిని కూడా అడగలేదు. ఆ అధ్యయనాన్ని తెచ్చి అబ్బాయిల గురించి ఏదీ చెప్పలేం.

ఇక మీడియా తీసేస్తే పోతుందా అంటే, థాంప్సన్ వాళ్ల నమూనా 1999 నుంచి వాడుకలో ఉంది, అందులో ఒత్తిడి మూడు వైపుల నుంచి వస్తుంది, తల్లిదండ్రులు, తోటిపిల్లలు, మీడియా. అదే ఫోటో చూసిన ఇద్దరు పిల్లల్లో ఒకరు మర్చిపోతారు, ఒకరు రాత్రంతా ఆలోచిస్తారు. ఆ ఆదర్శాన్ని తనదిగా చేసుకున్నారా, అదే పనిగా పోల్చుకుంటున్నారా అన్నది మధ్యలో నడిచే కథ. అనిల్ గారి ఇంట్లో వచ్చినవాళ్లందరికీ చెప్పిన మాట ఏ ఫోన్‌లోనూ లేదు కదా.

సింధు

భాస్కర్ రావు గారూ, బొమ్మల సంగతి అర్థమైంది. నా దగ్గర బొమ్మలు వాడని పేపర్లు కూడా ఉన్నాయి, ప్రశ్నావళులు వాడినవి. వాటిలో కూడా అబ్బాయిల స్కోరు తక్కువే వస్తోంది. అక్కడ సగటులో కొట్టేసుకోవడం లేదు కదా?

భాస్కర్ రావు

మంచి ప్రశ్న. ఏ ప్రశ్నావళి అది? తిండి రుగ్మతల లక్షణాలు కొలిచే ఈడీఐలో శరీర అసంతృప్తి భాగమా?

సింధు

అవును, ఎక్కువ వాటిలో అదే.

భాస్కర్ రావు

అయితే ఆ తొమ్మిది ప్రశ్నలు ఒకసారి ముందు పెట్టుకుని చదవండి. 1983 నాటిది. పొట్ట మరీ పెద్దగా ఉందా, తొడలు మరీ పెద్దగా ఉన్నాయా, పిరుదులు, తుంటి... ఇవే అటూ ఇటూ తిప్పి అడుగుతారు. ఇప్పుడు తొమ్మిదో తరగతి అనిల్‌ని ఊహించుకోండి, చొక్కా కింద రెండు బనియన్లతో కూర్చుని దీన్ని నింపుతున్నాడు. తొడలు పెద్దవా? కాదు. పొట్ట పెద్దదా? కాదు. తుంటి? కాదు. ఒక్క ప్రశ్న మాత్రం శరీర ఆకృతి మొత్తంగా నచ్చిందా అని ఉంటుంది, అక్కడ కాస్త మార్కు పడుతుంది. మొత్తం స్కోరు చూసి పరిశోధకుడు "ఈ పిల్లాడు తృప్తిగా ఉన్నాడు" అని రాసుకుంటాడు. ఛాతీ గురించి, భుజాల గురించి, చేతుల గురించి ఎవరూ అడగలేదు. అడగని దానికి జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ లోటు తీర్చడానికే 2000లో మెక్‌క్రియరీ, సాస్ కండల కోరికని కొలిచే పదిహేను ప్రశ్నల స్కేలు తెచ్చారు. కండలు ఇంకా ఉంటే బాగుండుననే ఆలోచన ఒక భాగం, దానికోసం చేసే పనులు, అంటే బరువులెత్తడం, పౌడర్లు తాగడం, ఒక రోజు మానేస్తే తప్పు చేసినట్టు అనిపించడం, ఇంకో భాగం. అందులో అబ్బాయిల స్కోర్లు అమ్మాయిల కన్నా స్పష్టంగా ఎక్కువ. ఒకే రకం పిల్లలు, ఒక స్కేలులో తృప్తిగా కనిపిస్తారు, ఇంకో దాంట్లో కనపడరు.

మీ పట్టికలో అమ్మాయిలు, అబ్బాయిలు అని రెండు గుంపులు చేసుకున్నారు కదా. దానికన్నా ముందు ఒక గడి పెట్టి "ఏం అడిగారు" అని రాయండి. ఒక్కో అధ్యయనం కొలిచింది సన్నదనాన్నా, కండల్నా, లేక ఇంకేదైనానా అని. పేపర్లని దాని ప్రకారం పేర్చి చూడండి, మీరు రాసిన ముగింపు అక్కడే మారిపోతుంది.

ఉష

వెతికే మాటలు కూడా చూసుకోండి సింధు గారూ. మీరు డేటాబేస్‌లో ఏం టైప్ చేశారు?

సింధు

"body dissatisfaction" adolescents అని.

ఉష

అందుకే. కండల పేపర్లు చాలావరకు ఆ మాట టైటిల్లో వాడవు. ఇలా వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది:

```
("body dissatisfaction" OR "body image"
 OR "drive for muscularity" OR "muscle dysmorphia")
AND (adolescen* OR "high school")
AND (boys OR male*)
```

ఎన్ని కొత్తగా వచ్చాయో, ఏ తేదీన వెతికారో రాసుకోవడం మర్చిపోకండి. సమీక్షలో పద్ధతి భాగానికి అది కావాలి.

సింధు

వేశాను. మొదటి పేజీలోనే నేను ఇంతవరకు చూడనివి ఏడు ఉన్నాయి. 2001లో కోహేన్, పోప్ ఒక్క అబ్బాయిల గురించే రాసిన సమీక్ష ఉంది. అసలు ఇది ఎలా తప్పిపోయింది నాకు!

ఇంకో సందేహం. బొమ్మల్లో పెద్ద బొమ్మ ఎంచుకున్న అబ్బాయి లావు కావాలని ఎంచుకున్నట్టా, కండలు కావాలనా? బొమ్మ చూస్తే లావుగానే ఉంది.

భాస్కర్ రావు

అదే ఆ బొమ్మల రెండో లోపం. కొవ్వు, కండ రెండూ కలిసే పెరుగుతాయి, విడిగా ఎంచుకునే వీలు లేదు. పోప్ బృందం దీనికి కంప్యూటర్ బొమ్మలు తయారుచేసింది, ఒక వైపు కొవ్వు పెంచుకోవచ్చు, ఇంకో వైపు కండ. 2000లో ఆస్ట్రియా, ఫ్రాన్స్, అమెరికా కాలేజీ కుర్రాళ్లకి అవి చూపిస్తే, తమకి ఉన్నదానికన్నా దాదాపు 28 పౌండ్లు, అంటే పన్నెండు పదమూడు కిలోలు, ఎక్కువ కండ ఉన్న బొమ్మని ఆదర్శంగా ఎంచుకున్నారు. చాలామంది ఈ అంకెని ఎగరేసుకుంటూ రాస్తారు. మీరు మాత్రం జాగ్రత్త. 2004లో కాఫ్రీ, ఇంకొందరు అదే సాధనాన్ని పరీక్షించి, ఒకే మనిషికి కొంత వ్యవధి తర్వాత మళ్లీ ఇస్తే జవాబు నిలకడగా రావట్లేదని చూపించారు. పైగా వాళ్లు కాలేజీ వాళ్లు, మీ పిల్లలు పదమూడు పద్నాలుగేళ్లవాళ్లు. కోరిక ఏ దిక్కున ఉందో చెప్పడానికి వాడుకోండి, ఎంతో చెప్పడానికి వాడుకోవద్దు.

ఉష

భాస్కర్ రావు గారూ, ఒక విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. అమ్మాయిలకి సన్నదనం స్కేలు, అబ్బాయిలకి కండల స్కేలు అని పంచేస్తే ఇంకో తప్పు చేసినట్టు అవుతుంది. 2017లో కరాజియా, మర్నెన్, టిల్కా మూడు దశాబ్దాల డేటా కలిపి చూశారు, నిన్ననే చదివాను. సన్నదనం విషయంలో ఆడవాళ్ల అసంతృప్తి కాలం గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది, కండల విషయంలో మగవాళ్లది పెద్దగా మారలేదు. నిజంగానే తగ్గిందా, లేక ఇప్పటి అమ్మాయిలకి కావలసింది సన్నదనం ఒక్కటే కాక గట్టిగా, ఫిట్‌గా కనిపించడం కూడా అయిపోయిందా? రెండోదే అయితే పాత స్కేలు 1985లో అబ్బాయిల్ని తప్పిపోయినట్టే ఇప్పుడు అమ్మాయిల్ని తప్పిపోతోంది.

భాస్కర్ రావు

అది సాధ్యమే. నాకైతే కొంత నిజంగానే తగ్గిందనిపిస్తుంది, శరీరాల్లో రకరకాలుంటాయని ఒప్పుకోవడం పెరిగింది. కానీ మీరు చెప్పింది కొట్టిపారేసే ఆధారం నా దగ్గర లేదు. సింధు గారు దాన్ని తేలని ప్రశ్నగానే రాస్తే మంచిది.

అనిల్

ఒకటి అడగొచ్చా? ఇంత చదివారు కదా, మొటిమలు, రంగు, ఎత్తు, ఇవి ఏ స్కేలులోనూ లేవా? మా క్లాసులో అందరికన్నా ఎక్కువ ఏడిపించింది ఒక పొట్టి అబ్బాయిని. నేను కూడా ఏడిపించాను వాణ్ణి. నా మీద నుంచి చూపు మళ్లుతుందని.

భాస్కర్ రావు

ఉన్నాయి, కానీ పరిశోధన మొత్తంలో బరువు, ఆకృతిదే పెద్ద వాటా. ఈ రంగం చాలావరకు తిండి రుగ్మతల అధ్యయనాల నుంచి పుట్టింది, అందుకే మొదటి నుంచీ కళ్లు బరువు మీదే ఉన్నాయి. ఎత్తు విషయంలో ఈడు వచ్చే సమయం కూడా కలుస్తుంది. తొందరగా ఈడేరిన అమ్మాయి శరీరం అప్పటి ఆదర్శం నుంచి దూరం జరుగుతుంది. తొందరగా ఎదిగిన అబ్బాయికి భుజాలు, ఎత్తు వచ్చి ఆదర్శానికి దగ్గరవుతాడు. ఆలస్యంగా ఎదిగే అబ్బాయి ఆ రెండు మూడేళ్లు వెనకబడిపోయినట్టు ఉంటాడు. అందుకే ఒకే తరగతిలో పిల్లల వయసు మాత్రమే రాసి, ఎదుగుదల దశ రాయని పేపర్లని కాస్త అనుమానంగా చదవాలి.

కిరణ్_పీఈటీ

మరి మాలాంటివాళ్లం పిల్లాణ్ణి ఏమని అడగాలి? స్కేళ్లు ఇవ్వలేం కదా.

భాస్కర్ రావు

నేను బరువు మాట ఎత్తను. "నీ గురించి ఏదైనా ఒకటి మార్చుకోగలిగితే ఏం మార్చుకుంటావు" అని అడుగుతాను. ఒక అమ్మాయి నేను అనుకున్నట్టు పొట్ట అనలేదు, పళ్లు అంది, క్లాసులో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తకపోవడానికి కారణం అదే. దిక్కు పిల్లలే చెప్తారు, మనం ముందే నిర్ణయించకూడదు. ఆ తర్వాత "దాని వల్ల ఏమేం మానేశావు" అని అడుగుతాను. మానేసిన వాటి జాబితా పొడుగ్గా ఉంటే, భోజనం మానేస్తున్నా, వాంతి చేసుకుంటున్నా, దెబ్బ తగిలినా ఎక్సర్‌సైజ్ ఆపకపోతున్నా, స్కూల్లో మాట్లాడి సరిపెట్టకుండా ఇంట్లోవాళ్లతో మాట్లాడి డాక్టర్ దగ్గరికి పంపాలి. చచ్చిపోవాలన్న మాట వస్తే ఆ రోజే.

లలిత

నిన్న రాత్రి పాపని ఈ ప్రశ్న అడిగాను, ఏం మార్చుకుంటావని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీరు నవ్వడం" అంది.

శారద

లలిత గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

సింధు

లలిత గారూ, పాప ఆ మాట మీతో చెప్పగలిగింది, అది చిన్న విషయం కాదండీ.

నా సంగతి చెప్తాను. పాత పేరా తీసేశాను. పట్టికలో "ఏం అడిగారు" అన్న గడి పెట్టి మళ్లీ నింపుతున్నాను, ఇప్పటికి పద్నాలుగు పేపర్లు అయ్యాయి. అందులో అబ్బాయిల్ని కూడా చేర్చుకున్నవి తొమ్మిది, వాటిలో కండల గురించి అడిగినవి మూడే. ఆ మూడింట్లోనూ అబ్బాయిలు తృప్తిగా లేరు. మిగిలిన ఆరింటి దగ్గర "ఈ సాధనంతో తెలియదు" అని రాస్తున్నాను. మా మేడమ్ దీనికి ఒప్పుకుంటారో లేదో చూడాలి, ఆవిడ అమ్మాయిలు, అబ్బాయిలు అని రెండు శీర్షికలే కావాలన్నారు.

ఉష గారూ, విచలనం ఇచ్చి సగటు సున్నా ఉన్న పేపర్ ఒకటి దొరికింది. రచయితకి ఈమెయిల్ రాసి పెరగాలన్నవాళ్లు ఎంతమందో అడగొచ్చంటారా, అలా అడిగితే ఇస్తారా?

ఉష

అడగండి. ఒక్కోసారి రెండు రోజుల్లో పంపిస్తారు, ఒక్కోసారి జవాబే రాదు. పేపర్‌లో ఏ పట్టికలోని ఏ అంకె గురించో స్పష్టంగా రాయండి, ఊరికే డేటా మొత్తం పంపమంటే ఎవరూ పంపరు.